ఏఎంహెచ్ 0.8 వస్తే నేరుగా ఐవీఎఫ్‌కే వెళ్లాలా?

మాధవి: నా వయసు 31, పెళ్లై ఏడు నెలలైంది, నెలసరి సక్రమంగానే వస్తోంది. రక్తపరీక్షలో అండాల నిల్వను సూచించే హార్మోన్ ఏఎంహెచ్ 0.8, అండాల ఎదుగుదలను ప్రేరేపించే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ 4.2 వచ్చాయి. అండాలు అయిపోతున్నాయని, వెంటనే ఐవీఎఫ్‌కు వెళ్లమని చెప్పారు. ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలి?

రఘురామ్: ఎఫ్‌ఎస్‌హెచ్ పది దాటితేనే చింత. మీది 4.2 కాబట్టి ఏఎంహెచ్ తప్పుగా వచ్చి ఉంటుంది.

శ్రీలక్ష్మి: రఘురామ్ గారూ, ఎఫ్‌ఎస్‌హెచ్‌ను నెలసరి రెండో, మూడో రోజున ఎస్ట్రాడియాల్ అనే హార్మోన్‌తో కలిపి చూడాలి, ఎస్ట్రాడియాల్ ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచి, లేని భరోసా ఇస్తుంది. పైగా అండాల నిల్వ బాగా తగ్గాక గానీ ఎఫ్‌ఎస్‌హెచ్ పెరగదు. మాధవి గారూ, పరీక్ష నాటికి గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా?

సుజాత: నాకు ఏఎంహెచ్ 9 వచ్చింది, పీసీఓఎస్ ఉంది. అంటే నాకు గర్భం తొందరగా వస్తుందన్నమాట.

శ్రీలక్ష్మి: కాదండీ. అండాలు పెరిగే చిన్న సంచులు, అంటే ఫాలికల్స్, చాలా ఉన్నాయని మాత్రమే దాని అర్థం, నెలనెలా అండం విడుదలవుతుందని కాదు.

పద్మజ: నాకు 36 ఏళ్లకు 0.4 అని తెలిసింది. అన్ని ఇంజెక్షన్లు చేయించుకున్నా రెండే అండాలు వచ్చాయి, ఒక్క పిండమూ నిలవలేదు. 25 ఏళ్లకే అందరికీ ఈ పరీక్ష చేయాలి. నమ్మవద్దని చెప్పేవారు నా లాంటి వారికి అన్యాయం చేస్తున్నారు.

శ్రీలక్ష్మి: ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు వస్తాయో ఏఎంహెచ్ చాలావరకు సరిగానే చెబుతుంది, మీ విషయంలోనూ చెప్పింది. కానీ సహజంగా ప్రయత్నించే స్త్రీకి నెలకు సాధారణంగా ఒక్క అండమే విడుదలవుతుంది. 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, సంతానలేమి చరిత్ర లేని 30–44 ఏళ్ల స్త్రీలు 750 మందిని పరిశీలించినప్పుడు, ఏఎంహెచ్ 0.7 కంటే తక్కువగా ఉన్నవారికి గర్భం నిలిచే అవకాశం తక్కువగా కనిపించలేదు. అండం నాణ్యతను ప్రధానంగా నిర్ణయించేది వయసు. ఆ నాణ్యతను ఈ పరీక్ష కొలవదు.

పద్మజ: అధ్యయనాలు మీ దగ్గరే ఉంచుకోండి! నేను జోస్యం అడగడం లేదు. 30 ఏళ్లకే ఆ కాగితం చేతిలో ఉంటే, "ఉద్యోగం స్థిరపడ్డాక చూద్దాం" అన్న మా ఇంట్లోవాళ్ల నోరు మూయించేదాన్ని.

శ్రీలక్ష్మి: మన అసలు భేదం ఇక్కడే ఉంది. ఆ కాగితంలో 4 అని ఉంటే, అదే ఇంట్లోవాళ్లు దాన్నే చూపి ఇంకో ఐదేళ్లు వాయిదా వేయించేవారు. ఒక్కసారి కొలిచిన అంకె అది ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పదు.

మాధవి: మాత్రలు పరీక్ష రోజు వరకూ వేసుకున్నాను. ఇంకా ప్రయత్నం మొదలుపెట్టలేదు, అది ఎవరూ అడగలేదు.

శ్రీలక్ష్మి: అయితే రెండు అంకెలూ మాత్రల ప్రభావంలో ఉన్నవే. ఆపిన మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే ఏఎంహెచ్ కొంత పెరగవచ్చు, పెరగకనూ పోవచ్చు. మీ వయసులో ఏడాది ప్రయత్నించినా నిలవకపోతే ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. 35 దాటితే ఆరు నెలలే ఆగాలి.

పద్మజ: మూడు నెలలకూ 0.8 వస్తే, అప్పుడూ ఆగమంటారా?

శ్రీలక్ష్మి: ఆగమనడం లేదు. ఈ నెల నుంచే ప్రయత్నించమంటున్నాను.

పద్మజ: ఐవీఎఫ్ తప్పనిసరైతే ఆ ఏడాది ఖరీదు ఎంతో మీరు చెప్పలేదు.