కరెంటు పోతే బిల్లులు సున్నా బైట్లు: జర్నల్ ఉండి ఏటి లాభం?

నరసన్నపేట_మందులకొట్టు:
మాది మందుల షాపు. బిల్లింగ్ సిస్టం లినక్సు, ఫైల్ సిస్టం ఎక్స్‌ట్4. "జర్నలింగ్ ఉందండీ, కరెంటు పోయినా ఫైళ్లకి ఢోకా లేదు" అని చెప్పి పెట్టించారు. మొన్న రాత్రి 7:42కి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునే లోపే మిషను ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే గడబిడ లేకుండా లేచింది గానీ రెండు బిల్లులు ఖాళీ. మరి జర్నల్ ఎందుకున్నట్టు?

```
-rw-r--r-- 1 shop shop 1846 Jul 14 19:41 2212.json
-rw-r--r-- 1 shop shop    0 Jul 14 19:41 2213.json
-rw-r--r-- 1 shop shop    0 Jul 14 19:41 2214.json
```

ఏడురోడ్లు:
డిస్కు పోయింది బాబూ. ఈ సున్నా బైట్ల గొడవ 2009లోనే తీరిపోయింది. అప్పుడు ఎక్స్‌ట్4 కొత్తది, అందరూ ఇలాగే మొత్తుకున్నారు, లినక్సు గుండెకాయ కెర్నల్లోనే సరిచేశారు. ఇప్పుడు అలా జరగడానికి లేదు. కొత్త ఎస్ఎస్‌డీ వేయించు.

చీపురుపల్లి:
యూపీఎస్ కొనుక్కోక ఈ చర్చ ఎందుకు?

ఉద్దానం:
యూపీఎస్ ఎన్నాళ్లు లాగుతాది? 2018లో తిత్లీకి మా ఊళ్లో రోజుల తరబడి చీకటే. జనరేటర్ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి కొబ్బరి తోటల లెక్కలు ఎక్కిస్తుంటే మధ్యలో జనరేటర్ ఆగింది. ఫోల్డర్ మొత్తం పిచ్చి అక్షరాలు. నష్టపరిహారం అర్జీకి కాగితం లేకుండా పోయింది. అప్పట్నుంచి ఏ కంప్యూటర్నీ నమ్మను.

గంటస్తంభం:
ఉద్దానం గారూ, మీ బాధ నిజమే గానీ పెన్‌డ్రైవులకి మామూలుగా ఉండేది ఫ్యాట్, అందులో జర్నలే లేదు. ఆ కథ వేరు.

నరసన్నపేట బాబూ, రెండు సంగతులు చెప్పు. బూట్‌లో `recovering journal` అని కనిపించిందా? ఆ రాత్రి కాగితం బిల్లుల మీద టైము సెకన్లతో సహా ఉందా?

నరసన్నపేట_మందులకొట్టు:
ఆ మాట కనిపించింది. మాకు రెండు కౌంటర్లు, డాక్టర్లు కూర్చునే వేళ, రద్దీ. 2212 బిల్లు 7:41:25. 2213 ఏమో 7:41:48. 2214 అయితే 7:41:59. 2215 మాత్రం 7:42:08కి ప్రింటర్లో సగంలో ఆగిపోయింది. అదే ఆఖరు.

గంటస్తంభం:
2215 ఫైలు ఫోల్డర్లో ఉందా?

నరసన్నపేట_మందులకొట్టు:
అయ్యో. లేదండీ! పేరే లేదు. నేను ఖాళీవే లెక్కబెట్టాను.

గంటస్తంభం:
అనుకున్నాను. డిస్కు బాగానే ఉన్నట్టుంది, చూడు.

ప్రోగ్రాం ఫైలు రాయగానే అది డిస్కు మీదకి పోదు, ముందు ర్యామ్‌లో ఉంటుంది. "ఈ ఫోల్డర్లో ఈ పేరుతో ఒక ఫైలు పుట్టింది" అనే సంగతిని జర్నల్ సుమారు 5 సెకన్లకోసారి డిస్కు మీద ఖాయం చేస్తుంది. లోపలి బిల్లు సరుకు మాత్రం, ఎవరూ తొందరపెట్టకపోతే, 30 సెకన్లు దాటాక గానీ కదలదు. డిస్కులో దానికి చోటు కేటాయించడం కూడా అప్పుడే. చోటు ఇవ్వలేదు కాబట్టి జర్నల్లో ఆ ఫైలు సైజు సున్నా.

ఇప్పుడు నీ బిల్లులు లెక్కేసుకో. కరెంటు పోయేసరికి 2212 వయసు ముప్పావు నిమిషం, అది దిగిపోయింది. 2213కి ఇరవై పైచిలుకు సెకన్లు, 2214కి పది పైచిలుకు: పేర్లు ఖాయమయ్యాయి, సరుకు ర్యామ్‌లోనే పోయింది. 2215కి రెండు మూడు సెకన్లే, పేరు కూడా ఎక్కలేదు. డిస్కు చెడిపోతే ఇంత వరసగా, వయసు ప్రకారం చెడదు.

ఏడురోడ్లు:
2009 సవరణ సంగతి మాట్లాడవేం? దాటేస్తున్నావు.

గంటస్తంభం:
దాటేయట్లేదు. ఆ సవరణ పాత ఫైలుని మార్చేటప్పటికే: ఖాళీ చేసి తిరగరాసి మూసినా, పక్కన రాసి పాత పేరు మీదకి మార్చినా, సరుకుని తొందరగా దింపుతుంది. ఆ సవరణలు చేసిన థియోడర్ చో అప్పుడే అన్నది కూడా, సరుకు డిస్కు మీద ఉండాలంటే ప్రోగ్రామే `fsync` అడగాలని. ఈ షాపులో బిల్లుకో కొత్త ఫైలు. కొత్త ఫైలుకి ఆ సవరణ వర్తించదు.

ఏడురోడ్లు:
అయితే `data=journal` పెట్టుకోమను. సరుకు కూడా జర్నల్లోకే పోతుంది. ప్రోగ్రాం ముట్టుకోనక్కర్లేదు.

గంటస్తంభం:
సగం నిజం. అప్పుడు చోటు ఆలస్యంగా కేటాయించడం ఉండదు కాబట్టి 2213, 2214 బతికేవి. కానీ జర్నల్ ఖాయం చేసేది అప్పుడూ 5 సెకన్లకోసారే. 2215 అప్పుడూ పోయేదే. పైగా ప్రతిదీ రెండుసార్లు రాయాలి.

ఏడురోడ్లు:
ఏది చెప్పినా కాదంటావు. నేను జిల్లాలో షాపులకి ఇలాంటి ప్రోగ్రాములే రాసి ఇస్తాను. బిల్లు కొట్టగానే `kill -9` కొట్టి పరీక్షించాను, ఒక్క ఫైలు పోలేదు!

గంటస్తంభం:
అది పరీక్ష కాదు తమ్ముడూ. ప్రోగ్రాం చచ్చినా కెర్నల్ బతికే ఉంటుంది, ర్యామ్‌లో ఉన్నది తీరిగ్గా రాసుకుంటుంది. ప్లగ్గు పీకి చూడు.

నరసన్నపేట_మందులకొట్టు:
నాకు మండేది వేరే సంగతి. తెర మీద పచ్చ అక్షరాలతో "సేవ్ అయింది" అని వచ్చింది. అయిందంటే అయినట్టే కదా? డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే బ్యాచ్ నంబర్లు నేను కదా చూపించాలి, ఫైల్ సిస్టమా చూపించేది?

ఏడురోడ్లు:
కెర్నల్ "రాశాను" అంది, నేను "సేవ్" అన్నాను. అబద్ధం నాదా?

గంటస్తంభం:
కెర్నల్ అన్నది "తీసుకున్నాను" అని. రాశానని దాని నోట చెప్పించాలంటే `fsync` పిలవాలి. జర్నల్ మాటిచ్చింది వేరు: ఫోల్డర్ల చిట్టా, ఏ చోటు ఎవరిదన్న లెక్క తప్పకుండా చూస్తానంది. ఎక్స్‌ట్2 రోజుల్లో ఇలా ఆగితే డిస్కంతా వెతికేది, మా ఆఫీసులో టీకి వెళ్లొచ్చినా అయ్యేది కాదు. నీ మిషను క్షణాల్లో లేచింది చూడు, జర్నల్ పని అదే. బిల్లు సంగతి దానికి ఎవరూ అప్పజెప్పలేదు.

ఏడురోడ్లు:
సరే, చెప్తాను. మొదట్లో `fsync` పెట్టాను నేను. కౌంటర్ దగ్గర నత్తనడక అని కస్టమర్లు తిట్టారు, తీసేశాను. "మీ ప్రోగ్రాం స్లో" అన్నవాడే డబ్బులు కూడా ఎగ్గొట్టాడు. ఇప్పుడు మళ్లీ తప్పు నాదేనా?

గంటస్తంభం:
ఎక్కడ పెట్టావు? ఒక్కో మందు వరసకా?

ఏడురోడ్లు:
అవును. వరసకొకటి.

గంటస్తంభం:
అదీ! ఇరవై మందుల బిల్లుకి పాత హార్డ్‌డిస్కు ఇరవైసార్లు ఆగి ఊపిరి పీల్చుకోవాలి. బిల్లు అంతా అయ్యాక ఒక్కసారి చాలు, ఎవరికీ తెలియదు కూడా.

```
f.write(bill)
f.flush()
os.fsync(f.fileno())
```

`flush` ఒక్కటే పెట్టి వదిలేయకు, అది పైథాన్ చేతిలోంచి కెర్నల్ చేతిలోకి అంతే. కొత్త ఫైలు కాబట్టి ఫోల్డర్ని కూడా తెరిచి దానికీ ఒక `fsync` కొడితే పద్ధతి. ఇదంతా అయ్యాకే పచ్చ అక్షరాలు, ఆ తర్వాత ప్రింటు. డిస్కు తన సొంత క్యాషెలోనే ఉంచుకుని రాసేశానని అబద్ధమాడే రకమైతే మాత్రం ఇదీ పనికిరాదు.

ఏడురోడ్లు:
ప్రింటు ఆఖర్న అంటే ఒప్పుకోను. ప్రింటర్లో పేపర్ ఇరుక్కుంటే? బిల్లు సేవ్ అయిపోయి స్టాకు తగ్గిపోతుంది, మనిషి మందు తీసుకోకుండా పోతాడు.

గంటస్తంభం:
రద్దు బిల్లు కొడతాడు. లేని బిల్లుని రద్దు చేయలేడు.

ఏడురోడ్లు:
రోజూ రద్దులు కొట్టేది కౌంటర్లో కుర్రాళ్లు, నువ్వు కాదు.

ఉద్దానం:
అందుకే నాను పుస్తకంలో రాస్తాను.

నరసన్నపేట_మందులకొట్టు:
మీరు తేల్చుకోండి. 2213, 2214 కాగితాల నకళ్లు ఉన్నాయి, చేత్తో ఎక్కించేశాను. 2215 సగం చిరిగిన కాగితమే, పైన రెండు మందులు కనిపిస్తున్నాయి. కింద ఇంకా ఏటున్నాయో ఆ పెద్దాయన మళ్లీ వస్తే అడగాలి.