అప్‌డేట్: కట్టిన పన్నుకే డిమాండ్ నోటీసు, సమస్య తీరింది

నా ప్రశ్న: "జూలైలో సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ 14,200 కట్టిన. ఇప్పుడు అదే డబ్బు మళ్లీ కట్టమని నోటీసు వచ్చింది. ఏం చేయాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. డిమాండ్ సున్నా అయింది.

"ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోని AISలో చలాన్ కనిపిస్తోందా చూడండి" అన్న సలహాతోనే విషయం తేలింది. అందులో చలాన్ ఉంది, అసెస్‌మెంట్ ఇయర్ కూడా సరిగ్గానే ఉంది. హనుమకొండలో మాకు తెలిసిన సీఏ సార్ దాన్ని రిటర్న్ పక్కన పెట్టి చూశారు. చలాన్ సీరియల్ నంబర్ 03147 అయితే, రిటర్న్‌లో నేను 03174 అని కొట్టాను! అందుకే ఆ డబ్బు నా రిటర్న్‌కు జత కాలేదు. వడ్డీ కూడా దానివల్లే పడింది.

పోర్టల్‌లో Pending Actions కింద Response to Outstanding Demand తెరిచి, డిమాండ్‌తో ఏకీభవించడం లేదని ఎంచుకున్నాం. కారణంగా పన్ను ఇప్పటికే కట్టామని, చలాన్ ఉందని పెట్టాం. ఏడంకెల BSR కోడ్, ఐదంకెల సీరియల్ నంబర్, కట్టిన తేదీ, మొత్తం నింపి చలాన్ పీడీఎఫ్ జత చేశాం.

జవాబు ఒక్కటే పంపితే రిటర్న్‌లోని తప్పు అలాగే ఉంటుందని సార్ అన్నారు. అందుకే నంబర్ సరిచేసి రెక్టిఫికేషన్ కూడా వేశాం. ఆ ఆర్డర్‌లోనే డిమాండ్ పోయింది, వడ్డీతో సహా.

బ్యాంకు నుంచి లెటర్ కోసం వరంగల్‌లో రెండు పూటలు తిరిగాను, అది అక్కరకే రాలేదు. "ముందు కట్టేయ్, తర్వాత రీఫండ్ అడుగు" అన్న మా బావమరిది మాట వినకపోవడమే మంచిదైంది.