నెలసరి ఆగే ముందు ఈ కోపం: ఏ డాక్టర్‌ని కలవాలి?

నాకు 46 ఏళ్లు. కొన్నాళ్లుగా నెలసరి ఒకసారి మూడు వారాలకే, ఒకసారి రెండు నెలలకు వస్తోంది. దానికి ముందు రోజుల్లో చిన్న మాటకే ఒళ్లు మండిపోతుంది. మొన్న కుక్కర్ విజిల్ పెట్టలేదని అమ్మాయి మీద అరిచి, వెంటనే ఏడ్చేశాను. తెల్లవారుజామున మెడ, వీపు చెమటతో తడిసి మెలకువ వస్తుంది. ఆ మర్నాడు చిరాకు మరీ ఎక్కువ.

థైరాయిడ్, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నాయి. "ఈ వయసులో అందరికీ ఇంతే, ఓర్చుకో" అంటున్నారు అత్తగారు. కానీ రెండు వారాలు దాటింది, దేనిమీదా మనసు పోవడం లేదు. ఇది ఓర్చుకోవలసినదిలా నాకు అనిపించడం లేదు.

ముందు గైనకాలజిస్టును కలవాలా, సైకియాట్రిస్టునా? మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు మీ డాక్టర్లు హార్మోన్ మాత్రలు ఇచ్చారా, వేరే మందులా? దయచేసి చెప్పండి.