చంద్రుడికి ఎదురుగా శని ఉంటే ఆ మాట ఎలా చెప్పాలి?

కొత్త పంచాంగం: పుష్యమి నక్షత్రం, కర్కాటకంలో సరిగ్గా 10 డిగ్రీల మీద చంద్రుడు, ఎదురుగా మకరంలో శని. వచ్చినావిడకి 34 ఏళ్లు. "మీకు విషయోగం ఉంది, మనసులో మాట బయటపెట్టరు" అన్నాను. తల ఊపి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. ఉన్నది చెప్పడం తప్పా, చెప్పిన తీరు తప్పా?

ధనిష్ఠ: తప్పేమీ లేదు. శని చంద్రుణ్ణి ఎలా తాకినా విషయోగమే. మెత్తగా చుట్టి చెబితే, రేపు కష్టం వచ్చినప్పుడు "ముందే ఎందుకు చెప్పలేదు" అని మననే అడుగుతారు.

నిదానం: దాచకూడదన్న మాట వరకు ధనిష్ఠ గారితో ఏకీభవిస్తాను. కానీ విషయోగం అన్న పేరు మామూలుగా వాడేది ఇద్దరూ ఒకే రాశిలో ఉన్నప్పుడు. ఇక్కడున్నది సమసప్తకం, పైగా ఇద్దరూ స్వక్షేత్రాల్లో ఉన్నారు. ఇంకో లెక్క చూడండి. కలయికతో పాటు శని 3, 7, 10 దృష్టులు కూడా కలిపితే పన్నెండు రాశుల్లో నాలుగింటికి శని సంబంధం ఉంటుంది. చంద్రుడు నెల తిరక్కుండానే పన్నెండూ చుట్టేస్తాడు. అంటే పుట్టిన ముగ్గురిలో ఒకరికి ఈ సంబంధం ఉన్నట్టే. అంతమందికీ విషం అన్న మాట అంటగట్టగలమా?

ఈ జాతకంలో నన్ను ఆపింది దశ. 10 డిగ్రీలంటే పుష్యమికి సరిగ్గా నడిమధ్య. 19 ఏళ్ల శని దశలో సగం పోయి, పుట్టిన రోజు నుంచి తొమ్మిదిన్నరేళ్లు మిగిలింది. బాల్యమంతా శని దశే. నేనైతే అక్కణ్ణించే మొదలుపెడతాను: "మీకు తొమ్మిది, పదేళ్లు వచ్చేదాకా ఇంట్లో మీ వయసుకి మించిన పని ఏదో మీ మీద పడినట్టు కనిపిస్తోంది. అవునా?" అని ఆగుతాను. కాదంటే కాదనే ఒప్పుకుంటాను. తల్లి ఆరోగ్యం గురించి గానీ, ఆమెకి ప్రేమ ఉందా లేదా అన్న తీర్పు గానీ నా నోట రావు.

రేవతి నాలుగో పాదం: నాకూ శని, చంద్రుడు కలిసే ఉన్నారు. ఏలినాటి శని అయిపోతే ఇది పోతుందా అండీ? ఎనిమిదేళ్లకే తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగాను. ఇప్పటికీ ఏడుపొస్తే స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుంటాను.

నిదానం: అమ్మా, ఏలినాటి శని గోచారం. ఏడున్నరేళ్లు ఉండి వెళ్లిపోతుంది, అందరికీ వస్తుంది. మీది జన్మ జాతకంలోది, కాబట్టి పోవడమంటూ ఉండదు. వయసుతో పాటు దాన్ని మోసే తీరు మారుతుంది. ఆ ఏడుపు రోజూ వస్తున్నా, నిద్ర పట్టకపోతున్నా జాతకం పక్కనపెట్టి ముందు డాక్టరుని కలవండి.

మీరు చెప్పినదాన్నిబట్టి ఒకటి అడుగుతాను. "చిన్నప్పుడే ఎంత బాధ్యత నీకు" అని మెచ్చుకుంటే మీకు ఎలా ఉండేది?

రేవతి నాలుగో పాదం: ఒళ్లు మండేది. మెచ్చుకున్న ప్రతిసారీ ఇంకో పని వచ్చిపడేది.

నిదానం: కొత్త పంచాంగం గారూ, అందరం జారేది ఇక్కడే. కటువుగా చెప్పకూడదని "మీరు చాలా దృఢమైనవారు" అంటాం. ఆ మాట వాళ్లు పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. మనమూ అదే అంటే ఇక్కడ కూడా దృఢంగానే కూర్చోవాలనుకుంటారు. ఆవిడ తల ఊపింది ఒప్పుకుని కాకపోవచ్చు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని అయివుండొచ్చు. "అందరికీ మీరు చేశారు, మీకెవరు చేశారు?" అని అడిగి చూడండి.

ధనిష్ఠ: విషయోగం పేరు విషయంలో మీదే సరి. కానీ ఇలా అడిగి అడిగి చెప్పడం కూపీ లాగడం కాదా? మనిషి వచ్చేది మన నోట వినడానికి.

నిదానం: అందుకే దశ కాలం ముందు నేను చెబుతాను, తర్వాతే అడుగుతాను. అది తప్పయితే తప్పని అక్కడే తేలిపోతుంది.

ధనిష్ఠ: నాకింకా గురి కుదరలేదు. అవుననే మనిషి దేనికైనా అవుననే అంటుంది కదా.

రేవతి నాలుగో పాదం: నిదానం గారూ, ఆ చివరి ప్రశ్న మొదటిసారే అడిగితే నేనైతే లేచి వెళ్లిపోయేదాన్ని. ముందు ఏ పనులు చేసేదానివని అడగండి. అన్నం వండానని, నీళ్లు మోశానని చెప్పగలను. మిగతాది రెండోసారి వచ్చినప్పుడు చెబుతానేమో.

నిదానం: ఇది నాకు తట్టలేదమ్మా. ఇకనుంచి పనుల దగ్గరే మొదలుపెడతాను.

కొత్త పంచాంగం: ఆవిడ మళ్లీ వస్తే ఆ పేరు వాడినందుకు ముందు క్షమాపణ చెబుతాను.