తిట్టు, విసుగుబూతు, ఊతపదం: మూడింటికీ ఒకటే హెచ్చరికా?

నిశిత: మా ఆఫీసు నియమాల్లో ‘బూతు మాట్లాడితే హెచ్చరిక’ అని ఒకటే వాక్యం ఉంది. మనిషిని తిట్టడం, కంప్యూటర్ ఆగిపోతే నోరు జారడం, మాటకు ముందొకటి వెనకొకటి అలవాటుగా తగిలించడం – మూడూ ఒకటేనా?

గట్టుమనిషి: తేలికే. వాక్యంలో ‘నువ్వు’, ‘నీ’ ఉంటే తిట్టు. లేకపోతే కాదు.

మూడోగడి: సగమే నిజమండీ. కెనడాలో క్యూబెక్ ఫ్రెంచివాళ్ల ఘాటు బూతులు చాలావరకు చర్చి వస్తువుల పేర్లే. ‘తబర్నాక్’ అంటే అసలు పవిత్ర రొట్టెను భద్రపరిచే పెట్టె. సుత్తి వేలికి తగిలినప్పుడు ఆ ఒక్క మాటే అరిస్తే విసుగు. ‘బాగుంది’ తర్వాత ‘ఆన్ తబర్నాక్’ చేరిస్తే ‘భలే బాగుంది’ అవుతుంది, తిట్టేమీ లేదు. అదే ఎదుటివాడి మొహం మీద ‘మోన్ తబర్నాక్’ అంటే గొడవే. అందులో ఉన్నది ‘నా’, మీరు చెప్పిన ‘నీ’ కాదు. కాబట్టి సర్వనామం వెతక్కండి. ఎవరివైపు తిరిగి అన్నారు, ఆ మనిషి బదులివ్వాల్సి వచ్చిందా అన్నది చూడండి. ఊతపదమైతే తీసేసినా వాక్యం చెక్కుచెదరదు, గొంతు కూడా పెరగదు.

వానచినుకు: మా పిల్లాడు స్కూల్లో నేర్చుకొచ్చాడు, ఎలా మాన్పించాలి?

మూడోగడి: అది వేరే ప్రశ్న, విడిగా అడగండి. ఇక్కడ కలిపితే రెండూ తేలవు.

గట్టుమనిషి: సరే, విసుగుబూతు మంచిదే కదా, నొప్పి తగ్గుతుందని చదివాను.

మూడోగడి: ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో ఆ ప్రయోగం చేసింది. మంచులాంటి నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లు, మామూలు మాట అంటున్నప్పటికంటే బూతు అంటున్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. 2011లో మళ్లీ చూస్తే రోజూ ఎక్కువగా బూతులాడేవాళ్లకు ఆ మేలు తక్కువగా కనిపించింది. ఊతపదంగా అరగదీసిన మాటకు అవసరానికి పదును ఉండదన్నమాట. పైగా అది ఓర్పు గురించిన ప్రయోగం. పక్కన విన్నవాళ్ల సంగతి అందులో లేదు.

చట్టంచదివినది: కోర్టులూ ఈ తేడా పట్టించుకున్నాయి. లాస్ ఏంజలెస్ కోర్టు వసారాలో నిర్బంధ సైనిక భర్తీని బూతుతో తిట్టే రాత ఉన్న జాకెట్ వేసుకున్న కోహెన్ అనే వ్యక్తికి పడిన శిక్షను అమెరికా సుప్రీంకోర్టు 1971లో కొట్టేసింది. ఆ బూతు ఎదుటనున్న ఏ ఒక్కరినీ ఉద్దేశించింది కాదన్నది ఒక ముఖ్య కారణం. అయితే అది ప్రభుత్వం వేసే శిక్ష గురించి. ఆఫీసు నియమానికి దాన్ని అడ్డం పెట్టుకోలేరు.

నిశిత: మరి మేనేజర్ ప్రింటర్‌ను తిడుతుంటే, దాన్ని బాగుచేసే జూనియర్ పక్కనే నిలబడి ఉంటే?

గట్టుమనిషి: ప్రింటర్‌నేగా తిట్టింది!

మూడోగడి: ఆ ప్రింటర్ ఎవరి బాధ్యతో ఇద్దరికీ తెలుసు. నేనైతే తిట్టుకిందే రాస్తాను.

చట్టంచదివినది: నేను రాయను. మనసులో ఏముందో నిరూపించేదెవరు? ఒకే జూనియర్ ఎదుట పదేపదే జరిగితే అప్పుడు చూద్దాం.