పీహెచ్ ప్రోబ్‌కి OP07: ఆఫ్‌సెట్ తక్కువైతే చాలా?

చెరువుగట్టు: భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువు కోసం పీహెచ్ మీటర్ తయారు చేస్తున్నాను. TL072 ఆప్-ఆంప్ ఆఫ్‌సెట్ 3 మిల్లీవోల్టులు, OP07ది వంద మైక్రోవోల్టుల లోపే అని డేటాషీట్లలో చూసి OP07 పెట్టాను. ప్రోబ్‌ని 7 బఫర్‌లో ముంచితే 5.3 చూపిస్తోంది. ప్రోబ్ పోయిందా? క్యాలిబ్రేషన్‌తో సరిచేసుకుంటే చాలా?

కొలిమి: మా ఫర్నేస్‌లో థర్మోకపుల్‌కి పదేళ్లుగా OP07నే వాడుతున్నాం, వంక పెట్టడానికి లేదు. ప్రోబ్ మార్చి చూడండి.

బెంచ్‌తాత: కొలిమి గారూ, మీ థర్మోకపుల్ డిగ్రీకి నలభై మైక్రోవోల్టులే ఇస్తుంది కాబట్టి అక్కడ ఆఫ్‌సెట్టే రాజు. దాని తీగ రెసిస్టెన్స్ మాత్రం కొద్ది ఓములే. పీహెచ్ ప్రోబ్ గాజు బల్బు అలా కాదు, వంద మెగాఓములు ఉండటం మామూలే. OP07 ఇన్‌పుట్‌లో ఒక నానోఆంప్ బయాస్ కరెంట్ పారినా ఆ గాజు మీద 100 మిల్లీవోల్టులు పడతాయి. ప్రోబ్ ఇచ్చేది పీహెచ్ యూనిట్‌కి 59. అంటే తేడా 1.7 యూనిట్లు. బాబూ, 7లోంచి తీసేసి చూడు, నీ 5.3 వస్తుంది.

నా మాట నమ్మక్కర్లేదు. ప్రోబ్ తీసేసి ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చెయ్యి, అవుట్‌పుట్‌లో కనిపించేది ఆఫ్‌సెట్. తర్వాత పది మెగాఓముల రెసిస్టర్లు పది సిరీస్‌లో కట్టి ప్రోబ్ స్థానంలో పెట్టు. పెరిగినదంతా బయాస్ కరెంట్ పనే. రెసిస్టర్లని బిస్కెట్ డబ్బాలో పెట్టి డబ్బాని గ్రౌండ్ చెయ్యి, లేకపోతే 50 హెర్ట్జ్ హమ్ తప్ప ఇంకేం కనపడదు.

పాత741: ఇంత హైరానా ఎందుకు? ఫీడ్‌బ్యాక్‌లో కూడా వంద మెగాఓములు పెడితే రెండు వైపులా డ్రాప్ సమానమై కొట్టుకుపోతుంది. కాలేజీలో చెప్పిందే.

బెంచ్‌తాత: అది 741కి బాగానే పనిచేస్తుంది, రెండు ఇన్‌పుట్ల కరెంట్లూ దాదాపు సమానం కాబట్టి. OP07లో బయాస్‌ని లోపలే రద్దు చేసే ఏర్పాటు ఉంది. మిగిలిన ఆ కాస్త కరెంట్ రెండు కాళ్లలో ఒకే దిక్కున పారాలని లేదు. ఎదురెదురైతే తప్పు రెట్టింపవుతుంది.

లెక్కలమాస్టారు: అయినా 100 మిల్లీవోల్టులు స్థిరంగా ఉంటే ఇబ్బందేంటి? 7 బఫర్‌లో ముంచి జీరో సెట్ చేస్తే ఆఫ్‌సెట్, బయాస్ రెండూ పోతాయి కదా.

బెంచ్‌తాత: ఆఫ్‌సెట్ వరకు ఒప్పుకుంటా. బయాస్ తెచ్చే తప్పు గాజు రెసిస్టెన్స్‌ని బట్టి మారుతుంది, ఆ గాజు సుమారు పది డిగ్రీలు వేడెక్కితే సగానికి పడిపోతుంది. పొద్దున్నే చల్లటి నీళ్లలో జీరో చేసి మధ్యాహ్నం కొలిస్తే 50 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 0.8 యూనిట్లు ఊరికే జరుగుతాయి. చెరువు మారిందో మీటర్ మారిందో ఎవరు చెప్పాలి?

లెక్కలమాస్టారు: అయితే TL072తో గొడవే లేదు. దాని బయాస్ పది డిగ్రీలకి రెట్టింపు, గాజు సగం. లబ్ధం మారదు.

బెంచ్‌తాత: కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ చిప్ ఎండలో డబ్బాలో, గాజు నీళ్లలో. రెండూ కలిసి వేడెక్కవు.

లెక్కలమాస్టారు: డబ్బాని నీడలో పెట్టండి. మామూలు వేడికి 65 పికోఆంపులు, వంద మెగాఓముల మీద 6.5 మిల్లీవోల్టులు. 0.1 యూనిట్‌తో చెరువుకి పోయేదేం లేదు. నా మాట మీదే ఉన్నా.

చెరువుగట్టు: తాతగారూ, కొలిచాను. షార్ట్ చేస్తే 0.1 మిల్లీవోల్ట్, రెసిస్టర్లతో 96. ప్రోబ్ బానే ఉన్నట్టుంది. LMC6482 తెచ్చి పెట్టాను, దాని బయాస్ 20 ఫెమ్టోఆంపులట. సప్లై ±12 నుంచి ±5కి తగ్గించాను, దానికి మొత్తం 16 వోల్టులు కూడా పట్టవు. షార్ట్‌లో 0.5 ఉంది, అది ఆఫ్‌సెట్ అనుకుంటున్నా. రెసిస్టర్లతో మాత్రం మైనస్ 3.5 వస్తోంది. మైక్రోవోల్టులు రావాల్సిన చోట నాలుగు మిల్లీవోల్టులెందుకు?

బెంచ్‌తాత: అది చిప్ కరెంట్ కాదు, బోర్డు మీద లీకేజీ. ఇన్‌పుట్ 3వ పిన్, దాని పక్కనే 4వ పిన్‌లో మైనస్ 5. మధ్యలో ఫ్లక్స్ మరక ఉంటే 40 పికోఆంపులు పారడం ఎంతసేపు? తగ్గింపు వైపే ఎందుకు వచ్చిందో కూడా తెలిసింది కదా. ఐసోప్రొపైల్‌తో కడిగి ఆరబెట్టు. 3వ పిన్‌ని సాకెట్ బయటికి వంచి, ప్రోబ్ తీగని గాల్లోనే దానికి సోల్డర్ చెయ్యి.

చెరువుగట్టు: కడిగితే తేడా ఒకటిన్నరకి దిగింది. పిన్ పైకి లేపాక షార్ట్‌కీ రెసిస్టర్లకీ తేడా నా మీటర్‌లో కనపడట్లేదు. 7 బఫర్‌లో 7.02. నిన్న ముసురులో చెరువు దగ్గర మళ్లీ 0.1 జరిగింది, ఈసారి ప్రోబ్ కనెక్టర్ మీద అనుమానం.

కొలిమి: మరి మిగిలిన OP07 నాకు పంపుతారా?