అప్‌డేట్: ఊళ్లో ఎమర్జెన్సీ, మెంటర్‌కి పెట్టిన మెసేజ్

నా ప్రశ్న: బెంగళూరులో ఇంటర్న్‌ని. నాన్నకు గుండెపోటు, రాత్రి బస్సుకే కర్నూలు వెళ్తున్నా. మెంటర్‌కి ఏమని రాయాలి?

నాన్నకు స్టెంట్ వేశారు, నిన్న ఇంటికొచ్చారు. అందరికీ థాంక్స్. "క్షమాపణలు తగ్గించి, పని ఎక్కడ ఆగిందో రాయి" అన్న సలహా పనిచేసింది. బస్సెక్కే ముందు ఇలా పంపాను:

"సర్, నాన్నకు గుండెపోటు వచ్చింది, కర్నూలు బయల్దేరాను. శుక్రవారం వరకు రాలేను. లాగిన్ పేజీ కోడ్ నా బ్రాంచ్‌లో ఉంది, ఇంకా రెండు టెస్టులు ఫెయిలవుతున్నాయి. గురువారం సాయంత్రం మళ్లీ చెప్తాను."

పది నిమిషాల్లో ఫోన్ చేసి, ఆ టెస్టులు వేరేవాళ్లకు అప్పగిస్తానన్నారు. గురువారానికీ నాన్న ఐసీయూలోనే ఉన్నారు. చెప్పినట్టే ఆ సాయంత్రం మెసేజ్ పెట్టి, సోమవారం దాకా అడిగితే వెంటనే సరేనన్నారు. హాస్పిటల్ కాగితాల గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను, ఎవరూ అడగలేదు. స్టైపెండ్ లెక్క కోసం హెచ్‌ఆర్‌కి మాత్రం విడిగా మెయిల్ పెట్టాల్సి వచ్చింది.